ఎండీ గారి అసిస్టెంట్‌కి రాసే మెయిల్: "ఇది ఎవరు చూస్తారండి?" అని ఎలా అడగాలి

(సేల్స్ టీమ్‌ల వర్క్‌షాప్‌లో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. ఈ పూట నేను మాట్లాడేది ఒకే ఒక్క మెయిల్ గురించి. మీకు ఒక కంపెనీ కస్టమర్‌గా కావాలి, ఆ కంపెనీలో మీ పని ఎవరికి సంబంధించిందో మీకు తెలీదు, మీకు దొరికింది ఎండీ గారి అసిస్టెంట్ మెయిల్ ఐడీ ఒక్కటే. ఆవిడకి రాసి, "అమ్మా, ఇది మీ దగ్గర ఎవరు చూస్తారు?" అని అడగాలి. అంతే, ఆ మెయిల్. చూడ్డానికి చాలా చిన్న మెయిల్. కానీ మనవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది దీన్నే, ఎందుకంటే దీన్ని కూడా ఒక సేల్స్ మెయిల్ అనుకుని రాస్తారు.

నేను సేల్స్‌లోకి రాకముందు కొన్నేళ్లు ఒక ఎండీ దగ్గర ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌గా చేశాను. అంటే మీరు పంపే మెయిల్స్ వచ్చి పడే కుర్చీలో కూర్చున్నాను. అందుకే నేను ముందు ఆ కుర్చీ వైపు నుంచి చెప్తాను, తర్వాత మెయిల్‌కి వద్దాం.

మీ మెయిల్ తెరవగానే అసిస్టెంట్ మనసులో ఏం నడుస్తుందో తెలుసా? ఎవరు వీళ్లు, నిజంగా ఉన్న కంపెనీయేనా, ఇది మొదటిది. ఇది మా ఆఫీసులో ఏ డిపార్ట్‌మెంట్ పని, ఇది రెండోది. ఇక మూడోది, అన్నిటికన్నా పెద్దది: దీన్ని నేను ఎవరికైనా పంపిస్తే రేపు నన్ను ఏమైనా అంటారా? ఎందుకంటే ఆవిడ ఫార్వర్డ్ చేసిన మెయిల్ మీ పేరు మీద వెళ్లదండీ, ఆవిడ పేరు మీద వెళ్తుంది. పైగా ఎండీ ఆఫీసు నుంచి వచ్చింది అంటే అవతల మెయింటెనెన్స్ హెడ్డో ఇంకెవరో "సార్ చెప్పారేమో" అనుకుంటాడు, చేస్తున్న పని ఆపి చూస్తాడు. చూశాక అది పనికిమాలిన మెయిల్ అయితే ఆయన ఎవరి మీద విసుక్కుంటాడు? మీ మీద కాదు కదా, మీరు ఆయనకి తెలీనే తెలీదు. ఆవిడ మీద విసుక్కుంటాడు. అందుకని ఆవిడ జాగ్రత్త పడుతుంది. దాన్ని మనం "గేట్ దగ్గర ఆపేస్తున్నారు" అంటాం. ఆపడం ఆవిడ ఉద్యోగంలో ఒక భాగం, సరైన చోటికి పంపడం ఇంకో భాగం. ఈ రెండో భాగాన్ని ఆవిడకి తేలిక చెయ్యడమే మన మెయిల్ పని.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లు చెయ్యెత్తండి, ఎండీ మెయిల్‌బాక్స్ ఎవరు చూస్తారు? ఎండీ అంటారా? చాలా చోట్ల అసిస్టెంట్‌కి డెలిగేట్ యాక్సెస్ ఉంటుంది. అవుట్‌లుక్‌లో ఉంది, జీమెయిల్‌లో ఉంది. అంటే ఆవిడ తన లాగిన్ నుంచే ఎండీ గారి ఇన్‌బాక్స్ తెరిచి చదవగలదు, ఆయన తరఫున రిప్లై కూడా ఇవ్వగలదు. అప్పుడు ఏమవుతుంది? మీరు ఎండీ గారికి "మన మీటింగ్ గురించి" అని ఒక మెయిల్ కొట్టి, అదే రోజు అసిస్టెంట్‌కి "సార్‌తో మాట్లాడాను, సరైన వ్యక్తి ఎవరో చెప్పండి" అని ఇంకోటి కొడితే, రెండూ ఒకే స్క్రీన్ మీద, ఒకే మనిషి కళ్ల ముందు ఉంటాయి. నా దగ్గరికి ఇలాంటివి వచ్చేవి. అలాంటి మెయిల్ చూశాక ఆ పంపినవాళ్ల పేరు నేను మర్చిపోయేదాకా వాళ్లకి మా ఆఫీసులో దారి లేదు, నేను త్వరగా మర్చిపోను కూడా. కాబట్టి ఒకటే దారి పెట్టుకోండి. అసిస్టెంట్‌కి రాస్తే అసిస్టెంట్‌కే రాయండి.

సరే, ఇప్పుడు ఒక కేస్ తీసుకుందాం, గాల్లో మాట్లాడితే ఎవరికీ ఉపయోగం లేదు. మీది చిన్న కంపెనీ. ఫ్యాక్టరీల్లో కంప్రెస్డ్ ఎయిర్ లీకులు పట్టుకునే పని మీది. ఈ పని తెలియని వాళ్ల కోసం ఒక్క నిమిషం. ఫ్యాక్టరీలో కంప్రెసర్ గాలిని ఒత్తిడితో పైపుల్లోకి పంపిస్తుంది, మెషిన్లు ఆ గాలితో నడుస్తాయి. పైపు జాయింట్ల దగ్గర, హోస్‌ల దగ్గర సన్నగా లీకవుతూ ఉంటుంది, మెషిన్ల చప్పుడులో అది ఎవరికీ వినిపించదు. సరిగ్గా పట్టించుకోని ప్లాంట్లలో కంప్రెసర్ ఇచ్చే గాలిలో 20 నుంచి 30 శాతం దాకా ఇలా పోతుంది, అంటే ఆ మేర కరెంటు ఊరికే కాలుతున్నట్టే. మీరు అల్ట్రాసోనిక్ డిటెక్టర్ పట్టుకుని ప్లాంట్ నడుస్తుండగానే తిరిగి, లీకు ఉన్న ప్రతి చోటా ట్యాగ్ కట్టి, రిపోర్ట్ ఇస్తారు. మంచి పని. ఇప్పుడు ఇది ఎవరికి అమ్మాలి?

ఆలోచించండి. ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్లు మెయింటెనెన్స్ కింద ఉంటాయి, అందులో యుటిలిటీస్ అని ఒక సెక్షన్ ఉంటుంది. ఇంకో ఫ్యాక్టరీలో ఎనర్జీ మేనేజర్ అని విడిగా ఒకరుంటారు, కరెంటు బిల్లు తగ్గించడం ఆయన లెక్క. మూడో చోట ప్లాంట్ హెడ్డే అన్నీ చూసుకుంటాడు. నాలుగైదు ప్లాంట్లున్న కంపెనీ అయితే హెడ్ ఆఫీసులో సెంట్రల్ ఇంజనీరింగ్ టీమ్ ఉంటుంది, ప్లాంట్ వాళ్లని అడిగితే "పైన అడగండి" అంటారు. బయట నుంచి చూస్తే ఇది తెలీదు. లింక్డ్‌ఇన్‌లో "జనరల్ మేనేజర్, ఆపరేషన్స్" అని ఉంటుంది, ఆయనకి కంప్రెసర్‌తో సంబంధం ఉందో లేదో ఆ హోదా చెప్పదు. లోపల ఎవరికి తెలుసు? ఎండీ అసిస్టెంట్‌కి తెలుసు. కంప్రెసర్ ఎలా పనిచేస్తుందో ఆవిడకి తెలీకపోవచ్చు, కానీ కరెంటు బిల్లు మీద రివ్యూ పెట్టినప్పుడు మీటింగ్‌కి ఎవర్ని పిలుస్తారో ఆవిడకి తెలుసు, ఎందుకంటే ఆ మీటింగ్ ఇన్వైట్ పంపేది ఆవిడే. ఇది గుర్తు పెట్టుకోండి, మనం మెయిల్‌లో అడిగే ప్రశ్న దీన్నిబట్టే ఉండాలి.

ఇప్పుడు మామూలుగా మనవాళ్లు రాసే మెయిల్ చదువుతాను. మెయిల్ మీరు ఏ భాషలో రాసినా ఈ వరస ఒకటే, ఇక్కడ తెలుగులో చదువుతున్నాను.

"గౌరవనీయులైన సార్ లేదా మేడమ్. పారిశ్రామిక ఎనర్జీ ఎఫిషియన్సీ సొల్యూషన్స్‌లో మా కంపెనీ అగ్రగామి. అనేక ప్రముఖ సంస్థలు మా సేవలు వినియోగించుకుని గణనీయంగా ఆదా చేశాయి. మీ సంస్థలో ఈ విషయంలో నిర్ణయం తీసుకునే వ్యక్తి పేరు, మెయిల్ ఐడీ, మొబైల్ నంబర్ దయచేసి పంపగలరు. ఈ వారంలో వారితో పదిహేను నిమిషాల కాల్ ఏర్పాటు చేయగలిగితే సంతోషం. మా బ్రోచర్ జతచేశాము."

ఇందులో మర్యాద తక్కువైందా? లేదు, దయచేసి ఉంది, గౌరవనీయులు ఉంది. మరి ఎందుకు పనిచెయ్యదు?

ఎనర్జీ ఎఫిషియన్సీ సొల్యూషన్స్ అంటే ఏంటి? లైట్లు మార్చడమా, సోలార్ ప్యానెళ్లా, బాయిలరా, సాఫ్ట్‌వేరా? ఒక్కోదానికి ఒక్కో మనిషి. ఆవిడ ఎవరికి పంపాలి? తెలీదు. తెలీనప్పుడు ఏం చేస్తుంది, పక్కన పెడుతుంది. డిలీట్ చెయ్యడం కూడా కాదు, తర్వాత చూద్దాం అనుకుంటుంది, ఆ తర్వాత రాదు.

ఇక "నిర్ణయం తీసుకునే వ్యక్తి". ఈ మాట దయచేసి మీ మెయిల్స్‌లోంచి తీసెయ్యండి. అది మన సేల్స్ మీటింగ్‌లో మాట, అవతల వాళ్లకి రాసే మాట కాదు. ఆవిడకి అది ఎలా వినిపిస్తుందంటే, "డబ్బు ఎవరి చేతిలో ఉందో చెప్పు" అన్నట్టు. పైగా ఆవిడ లెక్కలో నిర్ణయం తీసుకునేది వాళ్ల ఎండీ గారే కదా! ఇంకొకరి పేరు ఎలా రాస్తుంది? మీరు అడగాల్సింది నిర్ణయం గురించి కాదు, పని గురించి. ఈ పని ఎవరు చూసుకుంటారు, అంతే.

మొబైల్ నంబర్. మీరే చెప్పండి, మీ సహోద్యోగి మొబైల్ నంబర్ ముక్కూ మొహం తెలీని మనిషికి మెయిల్‌లో ఇస్తారా? చాలా కంపెనీల్లో ఇవ్వకూడదని రూలే ఉంటుంది. మీరు అడిగిన మూడింట్లో ఒకటి ఇవ్వలేనిది ఉంటే ఆవిడ మిగతా రెండూ ఇచ్చి ఊరుకోదు, మెయిల్‌కే జవాబివ్వదు. ఇది చాలా ముఖ్యం. ఇవ్వగలిగింది మాత్రమే అడగాలి.

కాల్ ఏర్పాటు చెయ్యమనడం అంటే ఆవిడకి పని చెప్పడం. ఆవిడ మీ బాస్ దగ్గర పనిచెయ్యట్లేదు. బ్రోచర్ సంగతి సరే సరి, తెలీనివాళ్ల నుంచి వచ్చిన అటాచ్‌మెంట్ తెరవకూడదని ఐటీ వాళ్లు అందరికీ చెప్తూనే ఉంటారు. చాలా ఆఫీసుల్లో బయటి మెయిల్ మీద "External" అని ఒక పట్టీ కూడా వస్తుంది. ఆ పట్టీ కింద మీ పీడీఎఫ్ ఉందంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. మొదటి మెయిల్‌లో అటాచ్‌మెంట్ వద్దు. లింకులు కూడా వద్దు, కింద సంతకంలో మీ వెబ్‌సైట్ ఒక్కటి చాలు.

ఇప్పుడు అదే కేస్‌కి నేనైతే ఎలా రాస్తానో చదువుతాను. నెమ్మదిగా చదువుతాను, కావాలంటే రాసుకోండి.

సబ్జెక్ట్: కంప్రెస్డ్ ఎయిర్ లీకుల చెకింగ్ – మీ దగ్గర ఎవరు చూస్తారు?

తర్వాత ఆవిడ పేరు, పక్కన గారు, నమస్కారం.

"ఎండీ గారి ఆఫీసు మీరు చూసుకుంటారని తెలిసి మీకు రాస్తున్నాను. సార్ టైమ్ అడగడానికి కాదు, మా పని మీ కంపెనీలో ఎవరికి సంబంధించిందో తెలుసుకుందామని.

మేము ఫ్యాక్టరీల్లో కంప్రెస్డ్ ఎయిర్ పైపులకి ఎక్కడెక్కడ లీకులున్నాయో మెషిన్లు ఆపకుండా వెతికి, ఒక్కో చోట ట్యాగ్ కట్టి, రిపోర్ట్ ఇస్తాం.

మీ ప్లాంట్‌లో కంప్రెసర్లు, వాటి కరెంటు ఖర్చు ఎవరు చూసుకుంటారో చెప్పగలరా? మెయింటెనెన్స్‌లో యుటిలిటీస్ వాళ్లేమో అనుకుంటున్నాను, కాకపోతే సరిచెయ్యండి.

పేరు గానీ డిపార్ట్‌మెంట్ గానీ చెప్తే చాలు. ఈ మెయిల్‌ని నేరుగా వాళ్లకి ఫార్వర్డ్ చెయ్యడం మీకు తేలికైతే అలాగైనా సరే. ఇది మీకు అవసరం లేదంటే ఆ ఒక్క మాట రాయండి, మళ్లీ ఇబ్బంది పెట్టను."

కింద మీ పూర్తి పేరు, మీ పని, కంపెనీ పేరు, ఫోన్ నంబర్, వెబ్‌సైట్. అంతే. అయిపోయింది.

చిన్నగా ఉంది కదా? కానీ ఇందులో ప్రతి లైన్ ఎందుకుందో చెప్తాను.

సబ్జెక్ట్ చూడండి. అది ఆవిడ కోసం ఎంత రాశానో, ఆవిడ ఫార్వర్డ్ చేశాక చదివే మనిషి కోసం కూడా అంతే రాశాను. ఆవిడ ఫార్వర్డ్ కొట్టగానే ముందు "Fwd:" చేరి అదే సబ్జెక్ట్ యుటిలిటీస్ ఆయన ఇన్‌బాక్స్‌లో పడుతుంది. "చిన్న సహాయం" అనో "త్వరిత ప్రశ్న" అనో పెట్టారనుకోండి, ఆయనకి దాని తలా తోకా తెలీదు. కంప్రెస్డ్ ఎయిర్ లీకులు అని ఉంటే? ఆయనకి రోజూ తలనొప్పి తెచ్చే విషయమే అది, తెరుస్తాడు. ముందు ఆ మాటలే పెట్టాలి, ప్రశ్న తర్వాత, ఎందుకంటే ఫోన్‌లో సబ్జెక్ట్ మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి. ఇంకోటి, ముందుగా ఏ సంభాషణా లేకుండా "Re:" అని మీరే టైప్ చేసి పంపడం, అదేదో పాత మెయిల్‌కి జవాబు అన్నట్టు. దయచేసి చెయ్యకండి. ఆవిడ పాత మెయిల్ కోసం వెతుకుతుంది, దొరకదు, మొదటి లైన్ చదవకముందే మీరు అబద్ధం చెప్పారని తేలిపోతుంది. అమెరికాలో అయితే మోసపుచ్చే సబ్జెక్ట్ లైన్లు పెట్టకూడదని 2003లో వచ్చిన కాన్-స్పామ్ చట్టంలోనే ఉంది, కంపెనీల మధ్య నడిచే మెయిల్స్‌కి కూడా అది వర్తిస్తుంది.

మొదటి పేరాలో "సార్ టైమ్ అడగడానికి కాదు" అని ఎందుకు? అసిస్టెంట్‌కి వచ్చే బయటి మెయిల్స్‌లో ఎక్కువ భాగం సార్ క్యాలెండర్ కోసమే వస్తాయి. దాన్ని కాపాడటం ఆవిడ పని. అందుకని ఇంకా చదవకముందే కాదనడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ భయం మొదటి రెండు లైన్లలోనే తీసేస్తే మిగతాది మామూలుగా చదువుతుంది. కానీ ఇది రాశాక మాట మీద నిలబడాలి. టైమ్ అడగను అని రాసి, రిప్లై వచ్చాక "సార్‌తో కూడా ఒక పది నిమిషాలు" అని అడిగితే ఇందాక చెప్పిన Re: కన్నా అన్యాయం.

పని గురించిన లైన్ ఒక్కటే. ఆ ఒక్క వాక్యంలో ఎంత ఆదా అవుతుందో లేదు, ఎవరెవరు మా కస్టమర్లో లేదు, ఎందుకు? ఆవిడని కొనమని అడగట్లేదు కదా. ఆవిడకి కావలసింది ఇది ఏ డిపార్ట్‌మెంట్ అని తేల్చుకోడానికి సరిపడా సమాచారం, అంతే. కంప్రెస్డ్ ఎయిర్, లీకు, పైపు, రిపోర్ట్. ఈ నాలుగు మాటలు చూసి ఆవిడ తేల్చగలదు. తేల్చలేకపోయినా ఫోన్ ఎత్తి ప్లాంట్ ఆఫీసులో ఎవరినైనా "ఎయిర్ కంప్రెసర్లు మనకి ఎవరు చూస్తారు?" అని అడగగలదు. "ఎనర్జీ ఎఫిషియన్సీ ఎవరు చూస్తారు?" అని అడిగితే అవతల మనిషి కూడా తెల్లమొహం వేస్తాడు.

ఇప్పుడు అసలు లైన్. "మెయింటెనెన్స్‌లో యుటిలిటీస్ వాళ్లేమో అనుకుంటున్నాను, కాకపోతే సరిచెయ్యండి." నన్నడిగితే మెయిల్ మొత్తంలో ఎక్కువ పనిచేసేది ఇదే. ఖాళీ ప్రశ్నకి జవాబు రాయడం కష్టం, తప్పుని దిద్దడం తేలిక. "లేదండీ, మాకు ఎనర్జీ మేనేజర్ వేరే ఉన్నారు" అని రాయడానికి ఆవిడకి పది సెకన్లు చాలు. మీ ఊహ కరెక్టే అయితే ఇంకా తేలిక, "అవును" అంటే సరిపోతుంది. పైగా మీరు కొంచెం ఆలోచించే రాశారని, లిస్టులో ఉన్న అందరికీ ఒకేసారి పంపిన మెయిల్ కాదని కూడా దానివల్లే తెలుస్తుంది. కానీ ఊహ అర్థవంతంగా ఉండాలి. కంప్రెసర్ పనికి "హెచ్ఆర్ వాళ్లేమో" అని రాస్తే అసలుకే మోసం.

మరి ఊహలో మనిషి పేరే రాయొచ్చా? లింక్డ్‌ఇన్‌లో ఒక పేరు దొరికింది, "ఫలానా గారేనా?" అని అడగొచ్చా? అడగొచ్చు, ఒక షరతు మీద. ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నారని మీకు గట్టిగా తెలియాలి. మానేసి వెళ్లిపోయిన మనిషి పేరు రాశారంటే ఎక్కడో కొన్న పాత లిస్టు మీ దగ్గరుందని ఆవిడకి అర్థమైపోతుంది. అనుమానం ఉంటే డిపార్ట్‌మెంట్ పేరే రాయండి.

ఇక చివరి పేరా. పేరు, లేదా డిపార్ట్‌మెంట్, లేదా ఫార్వర్డ్. ఈ మూడిట్లో ఏది చేసినా మనకి పని అవుతుంది, మామూలుగా వీటికి ఆవిడ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. కానీ కొన్ని కంపెనీల్లో ఉద్యోగుల వివరాలు బయటికి ఇవ్వకూడదు, అలాంటి చోట ఆవిడ పేరు చెప్పలేదు, ఫార్వర్డ్ మాత్రం చెయ్యగలదు. మీరు పేరు ఒక్కటే అడిగి ఉంటే ఆ తలుపు మూసుకుపోయేది. అందుకే, మీరు మెయిల్ రాశాక ఒకసారి ఇలా చదివి చూడండి: ఇది యుటిలిటీస్ ఆయన చదువుతున్నాడు, పైన ఆవిడ రాసిన "ఎఫ్‌వైఐ" తప్ప ఇంకేం లేదు. ఆయనకి అర్థమవుతుందా? ఆయన ఇబ్బంది పడే మాట ఏదైనా ఉందా? అసిస్టెంట్‌ని పొగుడుతూ "మీలాంటి వాళ్ల సహకారం లేనిదే" అని రాశారనుకోండి, అది ఆయన దగ్గరికి వెళ్లాక ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చూడండి.

సరే, పంపారు. ఏం జవాబులొస్తాయి?

పేరు చెప్తే, అదే రోజు థాంక్స్ చెప్పండి, ఒక్క లైన్ చాలు. తర్వాత ఆ పేరున్న ఆయనకి విడిగా రాయండి. ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మంచి మెయిల్ రాసి కూడా ఇక్కడ పాడుచేసుకున్నవాళ్లని చూశాను. ఆయనకి ఏమని రాస్తారు? "ఎండీ గారి ఆఫీసు మిమ్మల్ని మాతో మాట్లాడమన్నారు" అని రాస్తారు. ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ఆవిడ చెప్పింది, కంప్రెసర్లు ఈయన చూస్తారు అని మాత్రమే. "కంప్రెసర్ల విషయం ఎవరు చూస్తారని ఎండీ గారి ఆఫీసులో ఫలానా గారిని అడిగితే మీ పేరు చెప్పారు" అని రాయండి. జరిగింది జరిగినట్టు. ఆయన మెయిల్ చదవగానే చేసే మొదటి పని ఏంటో తెలుసా? ఆవిడకి ఫోన్ చేస్తాడు, "ఏంటమ్మా, సార్ చెప్పారా?" అని. అప్పుడు ఆవిడ "లేదు సార్, ఎవరు చూస్తారని అడిగారు, చెప్పాను" అంటుంది. మీరు రాసింది, ఆవిడ చెప్పింది ఒకటే అయితే మీ మెయిల్ నిలబడుతుంది. తేడా వస్తే ఇద్దరూ పోయారు.

ఆవిడ మాట్లాడకుండా ఫార్వర్డ్ చేసి మిమ్మల్ని సీసీలో పెడితే? రిప్లై ఆల్ కొట్టండి, మొదటి లైన్‌లో ఆవిడకి థాంక్స్ చెప్పండి, ఆ తర్వాత విషయం ఆయనతో. రెండో మెయిల్ నుంచి ఆవిడని సీసీలోంచి తీసెయ్యండి, తీస్తున్నానని చెప్పే తియ్యండి. ప్రతి మెయిల్‌లో ఎండీ ఆఫీసుని సీసీలో ఉంచితే అది ఆయనకి ఒత్తిడిలా ఉంటుంది, బెదిరిస్తున్నట్టు ఉంటుంది.

"డీటెయిల్స్ పంపండి, నేను పంపిస్తాను" అన్నారు. ఇది కాదు అన్నట్టా, అవును అన్నట్టా? రెండూ కావొచ్చు, మంచిగానే తీసుకోండి. కానీ బ్రోచర్ తీసి పంపకండి. ఆవిడ అలాగే ఎత్తి పంపగలిగేలా ఐదారు లైన్లు రాయండి: ఏం చేస్తాం, ప్లాంట్‌లో ఎన్ని రోజులు పడుతుంది, మెషిన్లు ఆపాలా వద్దా, చివర్లో చేతికి ఏమొస్తుంది, మీ ఫోన్ నంబర్. పైన "మీరు దీన్ని ఎవరికి పంపుతున్నారో డిపార్ట్‌మెంట్ పేరు చెప్తే వాళ్లకి తగ్గట్టు రాస్తాను" అని ఒక మాట కలపండి. చాలాసార్లు అప్పుడు చెప్పేస్తారు.

ఇక "పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌కి రాయండి" అనే జవాబు. దీనికి మనవాళ్లు సంతోషపడిపోతారు, సరైన చోటు దొరికింది అనుకుని. తొందరపడకండి. పర్చేజ్ వాళ్లు ఎవరో ఒకరు కావాలని అడిగితే కొంటారు, వాళ్లంతట వాళ్లు లీకులు వెతికించుకోరు. మీరు రాస్తే వెండార్ రిజిస్ట్రేషన్ ఫారం పంపిస్తారు, నింపుతారు, అక్కడితో ఆగిపోతుంది. అలాగని ఆవిడతో "వాళ్లు కాదండీ, వేరేవాళ్లు కావాలి" అని వాదించకండి. ఇలా రాయండి: "థాంక్సండీ, రిజిస్ట్రేషన్ కోసం వాళ్లకి రాస్తాను. ఈ పని ప్లాంట్‌లో చేసేది కాబట్టి, కంప్రెసర్లు నడిపే సెక్షన్ ఏదో చెప్తే పర్చేజ్ వాళ్లకి రాసేటప్పుడు సరిగ్గా రాయగలుగుతాను." ఇది అబద్ధం కాదు, నిజంగానే ఆ ఫారంలో ఏ డిపార్ట్‌మెంట్‌కి సంబంధించిన సర్వీసు అని రాయాల్సి రావొచ్చు. అప్పటికీ చెప్పకపోతే ఊరుకోండి.

"వద్దు" అంటే వద్దు. థాంక్స్ చెప్పి, మీ లిస్టులో ఆ పేరు పక్కన రాసుకోండి, మీ టీమ్‌లో ఇంకొకరు మూడు నెలల తర్వాత అదే మనిషికి అదే మెయిల్ కొట్టకుండా.

ఏ జవాబూ రాకపోతే? ఒక వారం ఆగండి. అదే థ్రెడ్‌లో, కింద పాత మెయిల్ కనిపించేలా రెండు లైన్లు: "కిందటి వారం రాశాను, కంప్రెసర్లు ఎవరు చూస్తారని. డిపార్ట్‌మెంట్ పేరు చెప్పినా చాలు." అంతే. "నా మెయిల్ చూశారా?" అని అడగొద్దు, అది నిలదీసినట్టు ఉంటుంది. దానికీ జవాబు లేకపోతే ఆవిడ దగ్గర ఆపెయ్యండి, వేరే దారి చూసుకోండి, ప్లాంట్ రిసెప్షన్‌కి ఫోన్ చేసి అదే ప్రశ్న అడగొచ్చు. ఒకవేళ సెలవులో ఉన్నారని ఆటో రిప్లై వచ్చి అందులో వేరే వాళ్ల పేరు ఉందనుకోండి, ఆ పేరు అర్జెంట్ పనుల కోసం పెట్టింది. మనది అర్జెంట్ కాదు. ఆవిడ తిరిగొచ్చే తేదీ అందులోనే ఉంటుంది, వచ్చాక ఒకట్రెండు రోజులు ఆగి రాయండి, వచ్చిన రోజే రాస్తే పేరుకుపోయిన మెయిల్స్ అడుగున పడిపోతుంది.

ప్రశ్నలకి టైమ్ ఉందంటున్నారు, అడగండి. ఆ, మూడో వరసలో.

అసిస్టెంట్ పేరు తెలీదు, info@ అనే ఐడీ ఒక్కటే ఉంది, అప్పుడెలా అంటున్నారు. మంచి ప్రశ్న. అలాంటి మెయిల్‌బాక్స్‌ని ఒక్కరే చూడకపోవచ్చు, ఈరోజు ఒకరు, రేపు ఒకరు. అందుకని "మీరు ఎండీ ఆఫీసు చూసుకుంటారని" అన్న లైన్ తీసెయ్యండి, దాని బదులు "ఇది చూస్తున్న వారికి నమస్కారం, ఈ మెయిల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌కి సంబంధించింది" అని మొదలుపెట్టండి. ప్రశ్న అదే, ఊహ అదే. ఫార్వర్డ్ మాట మాత్రం ముందుకి తీసుకురండి, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్ల రోజువారీ పనే మెయిల్స్‌ని విడదీసి పంపడం. పేరు చెప్పమంటే ఆలోచిస్తారు, పంపమంటే పంపేస్తారు. ఫాలోఅప్ రాసేటప్పుడు కూడా కొత్త మనిషి చదువుతున్నారనుకునే రాయండి, "నేను ముందు చెప్పినట్టు" అంటే వాళ్లకి మీరు ఏం చెప్పారో తెలీదు.

ఇంకో ప్రశ్న, చివర్లో అమ్మాయి. అసిస్టెంట్ సాయం చేశారు, ఆర్డర్ వచ్చింది, ఆవిడకి గిఫ్ట్ పంపొచ్చా? వద్దమ్మా. వెండార్ల నుంచి గిఫ్ట్‌లు తీసుకోకూడదని చాలా కంపెనీల్లో రూల్ ఉంటుంది, పంపి ఆవిడని ఇరకాటంలో పెట్టినట్టవుతుంది. ఆవిడకి ఒక మెయిల్ రాయండి: "మీరు చెప్పిన యుటిలిటీస్ ఆయనతో మాట్లాడాం, పోయిన వారం ప్లాంట్‌లో చెకింగ్ పూర్తయింది, మీరు దారి చూపించినందుకు థాంక్స్." ఆర్డర్ రాకపోయినా రాయండి, "మాట్లాడాం, ఇప్పుడు అవసరం లేదన్నారు, మీరు చేసిన సాయానికి థాంక్స్" అని. నేను ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ దారి చూపించిన తర్వాత ఏమైందో తిరిగి చెప్పినవాళ్లు చాలా తక్కువ. వాళ్లు మళ్లీ ఇంకో పని మీద రాసినప్పుడు ఎవరిని అడగాలో నేనే కనుక్కుని మరీ చెప్పేదాన్ని.